ఏడడుగుల రాతి రిటైనింగ్ గోడ: రాయి ఎంత పట్టింది, మాలు ఎంత పట్టింది

విశాఖ శివార్లలో కొండ వాలు మీద మా అమ్మానాన్నల ఇల్లు ఉంది. పెరటి వెనక ఎర్రమట్టి గట్టు ప్రతి వానకీ కొంచెం కొంచెం జారుతోంది. దాన్ని నిలపడానికి రాతి గోడ కట్టించాం. గోడ పొడవు 50 అడుగులు, నేల మీద ఎత్తు 7 అడుగులు. ఎంత రాయి తెప్పించాలి, ఎన్ని బస్తాల సిమెంటు తేవాలి అన్న లెక్క మొదట్లో ఘోరంగా తప్పింది. పని రెండడుగుల ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతిదీ కొలిచి రాసుకున్నాను. ఆ కొలతలే ఈ డైరీ.

గోడ కొలతలు ఇంజనీరు ఇచ్చారు. పై వెడల్పు 1 అడుగు 6 అంగుళాలు, నేల దగ్గర వెడల్పు 4 అడుగులు. ముందు ముఖం అడుగుకి ఒక అంగుళం చొప్పున లోపలికి వాలుతుంది, అంటే మొత్తం 7 అంగుళాలు. మిగతా 23 అంగుళాల వాలు మట్టి వైపు. ఈ వెడల్పులు మా మట్టికీ మా వాలుకీ సరిపోయినవి. వేరే చోట కట్టేవాళ్ళు వీటిని యథాతథంగా తీసుకోవద్దు. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

దశ 0: కాగితం మీద లెక్క, అందులో రెండు తప్పులు

గోడ అడ్డుకోత ట్రాపెజియం. పై వెడల్పు a, కింది వెడల్పు b, ఎత్తు h, పొడవు L అనుకుంటే:

```
V = (a + b) / 2 × h × L
V = (1.5 + 4) / 2 × 7 × 50 = 962.5
```

ఇది 962.5 ఘనపుటడుగులు. దీని కింద నేలలో 5 అడుగుల వెడల్పు, 1.5 అడుగుల మందం ఉన్న రాతి పునాది, మరో 375. మొత్తం రాతి కట్టడం 1337.5. పునాది అడుగున వేసిన ఆరంగుళాల కాంక్రీటు ఈ లెక్కలో లేదు, దాన్ని విడిగా చూసుకున్నాం.

ఇక్కడి దాకా తప్పేమీ లేదు. ఆ తర్వాత నేను ఇలా ఆలోచించాను: గోడలో సుమారు 70 శాతం రాయి, 30 శాతం మాలు, అంటే సిమెంటూ ఇసుకా నీళ్ళతో కలిపిన ముద్ద ఉంటుంది. కాబట్టి రాయి 936 ఘనపుటడుగులు, మాలు 401. మా ప్రాంతంలో రాయి అమ్మేవాళ్ళు 100 ఘనపుటడుగుల్ని ఒక యూనిట్ అంటారు. ఒక ట్రాక్టరు ట్రాలీ అంటే ఒక యూనిట్ అనుకున్నాను. కొంచెం ఎక్కువే ఉండనీ అని 10 ట్రాక్టర్ల రాయి చెప్పాను. సిమెంటుకి 1:6 పాళ్ళు కనుక 401ని 7తో భాగించి, బస్తాకి 1.22 ఘనపుటడుగుల చొప్పున 47 బస్తాలు తెప్పించాను.

రాయి లెక్కలో తప్పు: గోడలోని రాయి 936 అన్నది నిజమే, కానీ అది గట్టి రాయి. ట్రాలీలో వచ్చేది కుప్ప. కుప్పలో రాళ్ళ మధ్య గాలి ఉంటుంది, ఆ గాలికి కూడా డబ్బు కడుతున్నాం.

మాలు లెక్కలో తప్పు: 401 అన్నది తడి మాలు. పొడి సిమెంటూ పొడి ఇసుకా కలిపి నీళ్ళు పోయగానే పరిమాణం కుంగిపోతుంది, ఎందుకంటే సిమెంటు, నీళ్ళు ఇసుక రేణువుల సందుల్లోకి దూరతాయి. తడి మాలు 1 కావాలంటే పొడి సరుకు సుమారు 1.33 ఉండాలి. నేను ఆ 1.33తో గుణించలేదు.

ఈ రెండు తప్పులూ కాగితం మీద కనిపించవు. రాళ్ళ కుప్ప తరిగిపోతున్నప్పుడే కనిపిస్తాయి.

దశ 1: పునాది

రాయి విషయంలో ముందు ఒక మాట. గట్టు తవ్వినప్పుడు మా స్థలంలోనే గోధుమరంగు రాళ్ళు చాలా వచ్చాయి. నాన్నగారు వాటినే వాడదామన్నారు. అది ఖొండలైటు, మా చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా ఉండేది అదే. పైపొరల్లో దొరికేది వానకీ ఎండకీ లోపలి నుంచి మెత్తబడి ఉంటుంది, అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది. నాలుగు రాళ్ళని రాత్రంతా నీళ్ళలో ఉంచి పొద్దున సుత్తితో కొట్టాం. మూడు 'టప్' అని మొద్దుగా మోగాయి, ఒకటి అంచున పొడిగా రాలింది. అవి పక్కన పెట్టి క్వారీ నుంచి నల్లరాయి తెప్పించాం. దాన్ని కొడితే ఖంగున మోగింది.

పునాది రెండు రోజుల్లో అయింది. మాలు కొలతకి చెక్క పెట్టె చేయించాను. లోపల 16 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 11 లోతు. అది సరిగ్గా ఒక సిమెంటు బస్తా పరిమాణం. ఒక కలుపుకి ఒక బస్తా, ఆరు పెట్టెల ఇసుక. కలిపిన మాలుని అదే పెట్టెలో నింపి లెక్కపెడితే అయిదు పెట్టెలు నిండి, పైన పావు దగ్గరకి వచ్చింది. అంటే బస్తాకి 6.4 ఘనపుటడుగుల తడి మాలు. దీన్ని మూడుసార్లు కొలిచి చూశాను, పెద్ద తేడా లేదు. ఈ డైరీలో ఎక్కడ మాలు అన్నా ఈ అంకెతో లెక్కకట్టిందే.

పునాదికి ఎంత పట్టిందంటే:

1. కట్టడం: 375 ఘనపుటడుగులు
2. సిమెంటు: 23 బస్తాలు, అంటే 147 ఘనపుటడుగుల మాలు
3. రాయి: 4¾ ట్రాలీలు

మాలు 39 శాతం! అంత ఎందుకు పట్టిందో చూద్దామని రెండో రోజు సాయంత్రం, మాలు ఇంకా పూర్తిగా బిగియకముందే ఒక చివర మూడడుగుల మేర రాళ్ళు లేపించాను. మేస్త్రి గారు బాధపడ్డారు కానీ అడ్డు చెప్పలేదు. లోపల చూస్తే పెద్ద రాళ్ళ మధ్య పిడికిలంత, కొన్ని చోట్ల రెండు పిడికిళ్ళంత మాలు ముద్దలున్నాయి. మరో రెండు చోట్ల మాలు కూడా లేని బొరియలున్నాయి. ముఖాల దగ్గర రాళ్ళు చక్కగా కూర్చుని, మధ్య భాగంలో మాత్రం రాళ్ళు పారేసి పైన మాలు పోసినట్టుంది.

"చిప్పరాళ్ళు లేవు బాబూ, ఏం చేస్తాం? పెద్దరాళ్ళే వచ్చాయి," అన్నారు మేస్త్రి.

ఆయన మాట నిజం. నేను చెప్పింది పెద్ద రాళ్ళే. సందుల్లో దిగగొట్టడానికి చిన్న ముక్కలు కావాలన్న ఆలోచనే నాకు లేదు. ముక్కలు లేనప్పుడు సందు నింపడానికి మేస్త్రి చేతిలో మిగిలేది మాలు ఒక్కటే. లేపిన మూడడుగులూ మళ్ళీ కట్టించాం. మిగతా పునాది అలాగే వదిలేశాం. అది నేలలో ఉంది, నాలుగు వైపులా గట్టి మట్టి ఉంది. కానీ ఆ బొరియలు గోడలో ఉంటే ఊరుకునేవాణ్ణి కాదు.

ఇప్పటిదాకా మొత్తం: కట్టడం 375, సిమెంటు 23 బస్తాలు, రాయి 4¾ ట్రాలీలు.

దశ 2: నేల నుంచి రెండడుగులు

మార్చింది ఒక్కటే. ఒక కూలీకి సమ్మెట ఇచ్చి, గోడలో పెట్టడానికి పనికిరాని గుండ్రటి రాళ్ళని, సన్నటి పలకల్ని పగలగొట్టించాం. ముక్కల్ని వేరే కుప్పగా పోశాం. పని వరస ఇలా పెట్టుకున్నాం:

1. కింది వరసని శుభ్రం చేసి తడపాలి.
2. మాలు పరిచి, రెండు ముఖాల రాళ్ళూ వాటి వెడల్పు వైపు కిందకి వచ్చేలా కూర్చోబెట్టాలి.
3. మధ్యలో రాళ్ళు పెట్టాలి, పోయకూడదు.
4. సందులో ముందు మాలు, ఆపైన చిప్పరాయి, సుత్తితో దిగగొట్టాలి. మాలు పైకి ఉబికితే ఆ సందు నిండినట్టు.
5. అయిదడుగులకొక త్రూ రాయి, అంటే ముఖం నుంచి లోపలి దాకా పొడుగ్గా వెళ్ళే రాయి వేయాలి.

పై జాబితాలో నాలుగో పనిలో వరస ముఖ్యం. చిప్పరాయి ముందు పెట్టి పైన మాలు పోస్తే కింద గాలి ఉండిపోతుంది. పెద్దరాయి ఊగకుండా దాని అడుగున చిప్ప పెట్టి మట్టం చేయడం కూడా కుదరదు. అప్పుడు బరువంతా ఆ చిన్న ముక్క మీదే పడుతుంది.

ఇక్కడ ఇంకో పొరపాటు జరిగింది. రెండడుగులు లేచాక పైన వెడల్పు టేపుతో కొలిచాను. మొత్తం 7 అడుగుల్లో వెడల్పు 30 అంగుళాలు తగ్గాలి కనుక అడుగుకి 4.3 అంగుళాలు తగ్గాలి. రెండడుగుల దగ్గర 39 అంగుళాల పైచిలుకు రావాలి. నాకు వచ్చింది 43. ముందు ముఖానికి గుండు వేసి చూస్తే వాలు సరిగ్గా రెండంగుళాలే ఉంది. తేడా అంతా వెనక వైపు. మట్టిలో కప్పబడిపోయేదే కదా అని వెనక ముఖాన్ని దాదాపు నిలువుగా లేపేశారు.

ఇదేమంత పెద్ద విషయం అనిపించవచ్చు. లెక్క చూడండి. అడుగున తేడా సున్నా, పైన 3.6 అంగుళాలు, సగటున 1.8 అంగుళాలు, అంటే 0.15 అడుగులు. దాన్ని రెండడుగుల ఎత్తుతో, 50 అడుగుల పొడవుతో గుణిస్తే 15 ఘనపుటడుగులు. రెండడుగుల ఎత్తులోనే అంత పోయింది. అదే తీరున పైదాకా వెళ్తే తేడా ఎత్తుతో పాటు వెడల్పవుతూ పోతుంది. 7 అడుగుల దగ్గర పై వెడల్పు 18 అంగుళాలకి బదులు 30 దాటుతుంది. రాయి కూడా ఆ మేరకు తింటుంది.

రెండు చివర్లా, మధ్యలో ఒకటీ, కర్ర ఫ్రేములు నిలబెట్టాం. ఫ్రేము అంటే గోడ అడ్డుకోత ఆకారమే: అడుగున 48 అంగుళాలు, పైన 18, ముందు కర్ర 7 అంగుళాలు వాలి, వెనక కర్ర 23 అంగుళాలు వాలి. ఫ్రేముల మధ్య రెండు వైపులా దారం కట్టి, ప్రతి వరసకీ దారం పైకి జరుపుతాం. వెనక వైపు దారం కట్టడం చాలామంది మానేస్తారు. ట్రాపెజియం గోడకి అక్కడే ఎక్కువ అవసరం, వాలులో ఎక్కువ భాగం అటే ఉంది కనుక. వచ్చిన ఎక్కువ వెడల్పుని కొట్టేయకుండా అక్కడే మెట్టులా వదిలి, పై వరసని దారం ప్రకారం లోపలికి జరిపాం.

ఈ దశకి:

1. కట్టడం: 364 రావాల్సింది, 379 వచ్చింది
2. సిమెంటు: 20 బస్తాలు, మాలు 128 ఘనపుటడుగులు, అంటే 34 శాతం
3. రాయి: 5¼ ట్రాలీలు

ఇప్పటిదాకా మొత్తం: కట్టడం 754, సిమెంటు 43 బస్తాలు, రాయి 10 ట్రాలీలు.

పది ట్రాలీలూ అయిపోయాయి. గోడ రెండడుగులే లేచింది. మిగిలింది నాలుగు బస్తాల సిమెంటు, చిన్న చిప్పరాళ్ళ కుప్ప.

పని ఆగిన మూడు రోజులు: కుప్పని కొలవడం

ఆ రాత్రి నాన్నగారు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఏడింట్లో రెండడుగులు లేస్తేనే ఇంత అయిపోతే, మిగతా అయిదడుగులకీ ఎంతవుతుందిరా?"

ఎత్తుని బట్టి చూస్తే భయమేస్తుంది. కానీ ట్రాపెజియం గోడ కింద లావు, పైన సన్నం. లెక్క కడితే నేల మీది గోడలో మొదటి రెండడుగులే 38 శాతం తినేస్తాయి. తర్వాతి రెండడుగులకి 30, ఆపై రెండింటికి 23, చివరి అడుగుకి 9 శాతం చాలు. పైగా పునాది అప్పటికే అయిపోయింది. కనుక ఎత్తు చూసి రాయి అంచనా వేయకూడదు, ఒక్కో పొర మధ్య ఎత్తులో వెడల్పు తీసుకుని పొరలవారీగా లెక్కకట్టాలి. మాకు మిగిలింది 598 ఘనపుటడుగులు.

ఇక ట్రాలీలో నిజంగా ఎంత రాయి ఉందో తేల్చాలి. మూడు పనులు చేశాను.

1. కొత్త లోడు తెచ్చిన ట్రాలీని ఖాళీ అయ్యాక లోపల కొలిచాను. 10 అడుగులు, 6 అడుగులు, ఒకటిన్నర అడుగులు. అంటే 90 ఘనపుటడుగులు. డ్రైవరు "ట్రాక్టరంటే యూనిట్టే బాబూ" అన్నాడు. యూనిట్ కన్నా పది తక్కువ.
2. నింపిన ట్రాలీని కాటా వేయించాను. ఖాళీ బరువు తీసేస్తే రాయి 3,780 కిలోలు.
3. ఒక రాయిని తాడుకి కట్టి కొక్కెం త్రాసుకి వేలాడదీశాను. గాలిలో 10.8 కిలోలు, నీళ్ళ డ్రమ్ములో పూర్తిగా ముంచితే 6.8. తగ్గిన 4 కిలోలంటే రాయి జరిపిన నీళ్ళు 4 లీటర్లు. 10.8ని 4తో భాగిస్తే 2.7. అంటే ఘనమీటరు గట్టి రాయి 2,700 కిలోలు.

ఇప్పుడు 3,780ని 2,700తో భాగిస్తే 1.4 ఘనమీటర్లు. ఒక ఘనమీటరు 35.3 ఘనపుటడుగులు కనుక ట్రాలీలో గట్టి రాయి 49.4 ఘనపుటడుగులే. మిగతా 40 పైచిలుకు గాలి. కుప్పలో 45 శాతం ఖాళీ.

నా మొదటి లెక్క ఎంత తప్పిందో ఇక్కడ తేలింది. 936 ఘనపుటడుగుల గట్టి రాయి కావాలంటే 19 ట్రాలీలు పడతాయి. నేను చెప్పింది పది.

అంచనా పుస్తకాల్లో ర్యాండమ్ రబుల్ కట్టడానికి, అంటే మాలాగా చెక్కని రాళ్ళతో కట్టే గోడకి ఒక లెక్క ఉంటుంది: 100 ఘనపుటడుగుల గోడకి 125 ఘనపుటడుగుల రాళ్ళ కుప్ప, 42 ఘనపుటడుగుల పొడి మాలు. మాలుకి అంతే ఎందుకో, గోడ కన్నా రాయి ఎందుకు ఎక్కువ కావాలో నాకు అంతకుముందు అర్థమయ్యేది కాదు. కుప్ప కొలిచాక అర్థమైంది. 125లో 55 శాతం గట్టి రాయి అంటే 69. పొడి మాలు 42ని 1.33తో భాగిస్తే తడి మాలు సుమారు 32. రెండూ కలిపితే 101, గోడ 100. రాయి, మాలు కలిసి గోడకి సరిపోయాయి, కాస్త వృథా పోగా. రాయి కొనేది కుప్ప లెక్కన, మాలు కొనేది పొడి లెక్కన, గోడ కొలిచేది గట్టి లెక్కన. ఈ మూడింటినీ ఒకే కొలత అనుకోవడమే నేను చేసిన తప్పు.

రెండో విడత ఆర్డరు ఇలా పెట్టాను:

1. రాయి: 598ని 1.25తో గుణిస్తే 747, దాన్ని 90తో భాగిస్తే 8.3. తొమ్మిది ట్రాలీలు, అందులో కొంత చిన్నరాయి కలిపి పంపమన్నాను.
2. సిమెంటు: 598లో 32 శాతం 191, దాన్ని 6.4తో భాగిస్తే 30 బస్తాలు. నాలుగు ఉన్నాయి, 26 తెచ్చాను.

దశ 3: రెండు నుంచి నాలుగు అడుగులు

ఈ దశలో పని బాగా సాగింది, వాన పడ్డ రోజు తప్ప. వాన పడ్డ మర్నాడు బస్తాకి మాలు 6.4 రావడం లేదు, అయిదు పెట్టెలు కూడా నిండలేదు. మాలు జిగురుగా, సిమెంటు ఎక్కువైనట్టు ఉంది. ఇసుక తడిసింది. తడి ఇసుక రేణువుల చుట్టూ నీటి పొర ఉండి రేణువులు దూరంగా నిలబడతాయి, ఇసుక ఉబ్బుతుంది. పెట్టె నిండినట్టే కనిపిస్తుంది కానీ లోపల ఇసుక తక్కువ. ఒక గాజు సీసాలో 10 అంగుళాల ఎత్తు ఇసుక పోసి, నీళ్ళు నిండా పోసి కదిపితే 8 అంగుళాలకి దిగింది. అంటే 25 శాతం ఉబ్బు. కనుక ఆ రోజు ఆరు పెట్టెలకి బదులు ఏడున్నర పెట్టెలు వేశాం. మాలు మళ్ళీ 6.4కి వచ్చింది.

ఇది చూసుకోకపోతే గోడకి నష్టమేమీ లేదు, మాలు ఇంకా బలంగానే ఉంటుంది. సిమెంటు లెక్క మాత్రం తప్పుతుంది.

నేల నుంచి ఒక అడుగు ఎత్తులో, మళ్ళీ నాలుగడుగుల దగ్గర, ఆరడుగులకొకటి చొప్పున నీళ్ళు బయటికి రావడానికి నాలుగంగుళాల పీవీసీ పైపులు పెట్టాం. ముందుకి కొంచెం వాలుగా ఉండాలి. మొత్తం 16 పైపులు. వాటి పరిమాణం నాలుగైదు ఘనపుటడుగులే కాబట్టి గోడ లెక్కలోంచి తీసేయలేదు.

ఈ దశకి: కట్టడం 293, సిమెంటు 14 బస్తాలు, మాలు 30.6 శాతం, రాయి 4¼ ట్రాలీలు.

39 నుంచి 34కి, అక్కడి నుంచి 31 లోపుకి దిగింది. నిజంగా నిండిందా, లేక ఎక్కడైనా ఖాళీలు వదిలేశారా అని అనుమానం వచ్చి, మర్నాడు పొద్దున పైవరస మధ్యలో గునపం మొనతో అక్కడక్కడా పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు. తర్వాత ఒక బకెట్టు నీళ్ళు పోస్తే పైనే నిలబడ్డాయి. దశ 1లో ఇదే పని చేసినప్పుడు నీళ్ళు గుటగుటమని లోపలికి పోయాయి. మాలు శాతం తగ్గడం ఒక్కటే మంచి గుర్తు కాదు, ఖాళీలు వదిలేసినా తగ్గుతుంది. ఈ రెండు పరీక్షలూ కలిపి చూడాలి.

ఇప్పటిదాకా మొత్తం: కట్టడం 1047, సిమెంటు 57 బస్తాలు, రాయి 14¼ ట్రాలీలు.

దశ 4, దశ 5: ఏడడుగుల దాకా

నాలుగు నుంచి ఆరు అడుగులకి కట్టడం 221, సిమెంటు 11 బస్తాలు, రాయి 3¼ ట్రాలీలు. మాలు 32 శాతం. చివరి అడుగుకి కట్టడం 84, సిమెంటు నాలుగున్నర బస్తాలు, రాయి 1¼ ట్రాలీ. మాలు 34 శాతం.

పైకి వెళ్ళేకొద్దీ మాలు శాతం కొద్దిగా పెరగడం నన్ను మొదట కలవరపెట్టింది. పని పాడవుతోందేమో అనుకున్నాను. మేస్త్రి గారు చూపించారు. గోడ సన్నబడితే పెద్ద రాళ్ళు పట్టవు. చిన్న రాళ్ళు పెడితే రాయికి రాయికి మధ్య అతుకులు ఎక్కువ. పైగా రెండు ముఖాలూ దగ్గరపడతాయి, ముఖాల దగ్గర మాలు ఎప్పుడూ ఎక్కువే. పై ఒకటిన్నర అడుగుల వెడల్పులో తప్పించుకోలేనిది అది. సన్నటి గోడలు కట్టేవాళ్ళు 32కి బదులు 34, 35 శాతం పెట్టుకుంటే సరిపోతుంది.

రోజుకి రెండడుగులకి మించి ఎక్కడా లేపలేదు. గోడ వెనక మట్టి కూడా క్యూరింగ్ అయ్యేదాకా నింపలేదు.

మొత్తం లెక్క

1. కట్టడం: 1352 ఘనపుటడుగులు (కాగితం మీద 1337.5)
2. రాయి: 18¾ ట్రాలీలు, కుప్ప లెక్కన 1687 ఘనపుటడుగులు
3. సిమెంటు: 72½ బస్తాలు
4. మాలు: 464 ఘనపుటడుగులు, గోడలో 34 శాతం
5. ఇసుక: బస్తాకి 7.3 చొప్పున సుమారు 530 ఘనపుటడుగులు

100 గోడకి రాళ్ళ కుప్ప 125 వచ్చింది, పుస్తకం చెప్పిందే. లెక్క కుదిరిందో లేదో ఇంకో రకంగా చూశాను. 18¾ ట్రాలీల్లో గట్టి రాయి 926, దానికి మాలు 464 కలిపితే 1390. గోడ 1352. తేడా 38. ఆ 38 ఎక్కడుందంటే, పెరట్లోనే ఉంది: గోడకి పనికిరాని ముక్కల కుప్ప ఒకటి మిగిలింది, కొలిస్తే 70 ఘనపుటడుగులు, అందులో 55 శాతం గట్టి రాయి అంటే 38. ఇంత దగ్గరగా కలుస్తుందని నేననుకోలేదు. ఆ ముక్కల్ని గోడ వెనక, పైపుల మూతుల దగ్గర నీళ్ళు వడకట్టే పొరగా వేసేశాం.

సిమెంటులో మాత్రం తేడా కనిపిస్తుంది. చివరి మూడు దశల్లో 598 ఘనపుటడుగులకి 29½ బస్తాలు పట్టాయి, అంటే 100కి 4.9. పుస్తకం లెక్క కూడా 4.9. మొదటి రెండు దశలతో కలిపి చూస్తే 5.4. గోడంతా 4.9 చొప్పున కట్టి ఉంటే 66, 67 బస్తాలతో అయిపోయేది. ఎక్కువ పోయిన ఆరు బస్తాల్లో నాలుగున్నర పునాదిలో, చిప్పరాళ్ళు లేకపోవడం వల్ల పోయినవి.

పక్క గోడకి ఆర్డరు

గట్టు పక్కకి తిరిగే చోట ఇంకో 20 అడుగుల గోడ మిగిలింది. ఎత్తు 5, పైన ఒకటిన్నర, అడుగున 3, పునాది 4 అడుగుల వెడల్పు, ఒకటిన్నర మందం.

```
(1.5 + 3) / 2 × 5 × 20 = 225
4 × 1.5 × 20           = 120
225 + 120              = 345
345 × 1.25             = 431
345 × 4.9 / 100        = 16.9
```

345 ఘనపుటడుగుల కట్టడానికి కుప్ప 431, 90 ఘనపుటడుగుల ట్రాలీలు అయిదు. సిమెంటు 17 బస్తాలు, ఇసుక 125 ఘనపుటడుగులు. అయిదు ట్రాలీల్లో ఒకటి చిన్నరాయి పంపమని చెప్పాను. వెనక వైపు ఫ్రేములు పునాది రోజే నిలబెడతాం. ఈసారి వచ్చే ట్రాక్టరు వేరేవాళ్ళది, కనుక మొదటి లోడు దిగగానే ట్రాలీని మళ్ళీ టేపుతో కొలవాలి.